రెండద్దాల కిటికీ – పాఠం 4: తేమ ఏ ముఖం మీదుంది?

పోయిన పాఠంలో "అద్దంలో మసక కనిపిస్తే సీలు పోయినట్టే" అని రాశాను. ఆ మాట సగమే సరైనది. దాన్ని పట్టుకుని కావలి నుంచి ఒకాయన, నెల్లూరు నుంచి ఇద్దరు మంచి యూనిట్లను, అంటే రెండద్దాలను అంచున సీలుతో కలిపిన జతలను, విప్పించారు. అందుకే ఈ వారం చెబుదామనుకున్న కొలతల పాఠం పక్కన పెట్టి ముందు దీన్ని సరిచేస్తున్నాను.

అద్దం ముఖాలను బయటి నుంచి లెక్కపెట్టాలి. వీధివైపుది 1, గదివైపుది 4. మధ్య ఖాళీలోకి చూసేవి 2, 3. మసక కనబడగానే గదిలోంచి పొడిగుడ్డతో తుడవండి. పోతే అది 4వ ముఖం మీది తేమ. పోకపోతే బయటికెళ్లి తుడవండి. అక్కడ పోతే అది 1వ ముఖం మీద పట్టిన మంచు. కార్తీక మాసం తెల్లవారుజామున, గాలిలో తడి ఎక్కువై ఆకాశం తేటగా ఉన్నప్పుడు, లోపల ఏసీ నడుస్తుంటే బయటి అద్దం చల్లబడి మంచు పట్టడం మామూలే. ఎండెక్కగానే పోతుంది. రెండువైపులా తుడిచినా పోనిది మాత్రమే అద్దాల మధ్య తేమ, సీలు పోయిందనడానికి గుర్తు. కావలి ఆయనకు పట్టింది 1వ ముఖం మీద మంచు.

అద్దాల మధ్యకు తేమ ఎలా వస్తుందో ఒంగోలు కర్నూలు రోడ్డులో నేను విప్పి చూసిన ఒక ఇంటి కిటికీతో చెబుతాను. మొదటి అంతస్తు, పడమటి గోడ, కదలని అద్దాలు మూడు. ఒక్కోటి 5 మి.మీ. అద్దం, 12 మి.మీ. ఖాళీ, మళ్లీ 5 మి.మీ. అద్దం. 2వ ముఖం మీద లో-ఇ పూత ఉంది. పడమటి ఎండలోని వేడిలో చాలా భాగాన్ని ఆ పూత బయటికే తిప్పి పంపుతుంది. సజ్జ కింద ఉన్న పై అద్దం తేటగా ఉంది. వాన కొట్టే కింది రెండూ మసకబారాయి, అదీ అడుగు అంచు నుంచి పైకి. అక్కడే నాకు అనుమానం వచ్చింది. సరుకే చెడ్డదైతే మసకకు సజ్జ తేడా తెలియదు కదా.

అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ పట్టీ తీస్తే ఫ్రేమ్ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్లు పోవడానికి ఫ్రేమ్‌కు బయటివైపు ఉండే రంధ్రాలను చీమలు వస్తున్నాయని సిలికాన్‌తో మూసేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎంత బాగున్నా ఈశాన్య రుతుపవనాల వానకు కొంత నీరు ఫ్రేమ్‌లోకి దిగుతుంది. దిగిన నీరు వెళ్లిపోవడానికే ఆ రంధ్రాలు పెట్టారు. వాటిని మూస్తే యూనిట్ అంచు వారాల తరబడి నీళ్లలో నానుతుంది. ఆ అంచున బయటి సీలు పాలీసల్ఫైడ్ అనే రబ్బరులాంటి జిగురు. అది వానకు తడిసి ఆరితే తట్టుకుంటుంది, నానబెడితే అద్దాన్ని వదిలేస్తుంది. ఈ యూనిట్‌లో గోటితో లాగితే ఊడివచ్చింది. దాని వెనకున్న బ్యూటైల్ పొర ఆవిరిని ఆపుతుంది. ఎండకు లోపలి గాలి ఉబ్బి, రాత్రికి ముడుచుకుంటూ ఆ పొరను రోజూ లాగుతుంది. బయటి సీలు పట్టు లేకపోతే అది ఒంటరిగా నిలవలేదు. అద్దాల మధ్య అంచున ఉండే స్పేసర్ పట్టీలోని తేమ పీల్చే గుళికలు నిండిపోయిన రోజు మసక కనబడుతుంది. అంటే చెడు మొదలైంది చాలా ముందే. మెత్తటి లో-ఇ పూతలో వెండి ఉంటుంది కాబట్టి ఆ తడికి మచ్చలు పడి వేడిని ఆపే గుణం కూడా పోతుంది. రోడ్డు మీది లారీల చప్పుడును ఆపడంలో మాత్రం తేడా రాదు. అది అద్దాల మందం మీద, ఫ్రేమ్ సందుల మీద ఆధారపడుతుంది.

చీమలకు రంధ్రం మీద సన్నజాలీ ముక్క అంటించండి, సిలికాన్ వద్దు. ఇతర చోట్ల వాడే సిలికాన్ కూడా వెనిగర్ వాసన వేసే రకం కాకూడదు, అది సీళ్లను పాడుచేస్తుంది.

యూనిట్‌కు చిల్లు పెట్టి ఆరబెడతామనే వాళ్లు వస్తారు. మసక పోతుంది, సీలు తిరిగి రాదు. నేనైతే ఫ్రేమ్ అలాగే ఉంచి యూనిట్ మాత్రం మారుస్తాను. ఆర్డరిచ్చేటప్పుడు పూత 2వ ముఖం మీదే ఉండాలని, సీలు పట్టే అంచు చుట్టూ పూత గీకేయాలని చెప్పండి. పూత మీద అంటిన సీలు పూతతోపాటే ఊడుతుంది.

బిగించేటప్పుడు అద్దం ఫ్రేమ్ మీద నేరుగా కూర్చోకూడదు. వెడల్పులో నాలుగో వంతు దూరాన రెండు ప్యాకింగ్ ముక్కలు పెట్టాలి. ఈ అద్దం 600 మి.మీ. వెడల్పు కనుక రెండు మూలల నుంచి 150 మి.మీ. లోపలికి. యూనిట్ మొత్తం మందం 22 మి.మీ. కనుక ముక్క వెడల్పు అంతకు తగ్గకూడదు. తగ్గితే ఒక అద్దం దాని మీద కూర్చుని, రెండోది సీలు పట్టుకుని వేలాడుతుంది. ముక్కలు నీటి దారికి అడ్డుపడకూడదు కూడా.

అభ్యాసం: ఇంట్లో కదలని కిటికీ ఒకటి ఎంచుకోండి. అద్దం పట్టుకునే మనిషి లేకుండా బీడింగ్ ముట్టవద్దు. పొడవు బీడింగ్ నడిమి నుంచి మొదలుపెట్టి తీయండి. ప్యాకింగ్ ముక్కలు ఎక్కడున్నాయో, ఎంత వెడల్పో కొలిచి రాయండి. ఫ్రేమ్ అడుగున ఒక గ్లాసు నీళ్లు పోసి, బయట ఏ రంధ్రంలోంచి వస్తాయో, చివరకు ఎంత నిలుస్తుందో చూసి బొమ్మ గీయండి.