వానలకు ముందు కుంట కట్ట: గరిష్ఠ పొడి సాంద్రత, అనుకూల తేమ తేల్చుకోవడంలో జాగ్రత్తలు

కొత్తగా వేసిన సేద్యపు కుంట కట్టకు పెద్ద గండం మొదటిసారి నీరు నిండినప్పుడే ఉంటుంది. పొడిమట్టి పోసి, పైపైన రోలర్ తిప్పి వదిలేసిన కట్ట చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది. అయితే నీరు తగలగానే గడ్డల మధ్య ఖాళీలు కూలి కట్ట కుంగుతుంది, నెర్రె విచ్చుతుంది, ఆ నెర్రె వెంట నీరు దారి చేసుకుంటుంది. అందుకే మట్టి పోయడం మొదలుపెట్టక ముందే దానికి వేర్వేరు తేమల దగ్గర దిమ్మిసతో కొట్టి చూసే ప్రోక్టర్ పరీక్ష చేయించాలి. గరిష్ఠ పొడి సాంద్రత, అంటే నీటి బరువు తీసేశాక ఘన సెంటీమీటరు మట్టి తూగే అత్యధిక బరువు ఎంతో, ఏ తేమ దగ్గర అది వస్తుందో, అంటే అనుకూల తేమ ఎంతో తెలుసుకోవాలి. చాలామంది సాంద్రతనే పట్టించుకుంటారు కానీ, నీటిని ఆపాల్సిన కట్టకు తేమ అంకె అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

మొదటి జాగ్రత్త నమూనా దగ్గరే మొదలవుతుంది. కట్టకు ఏ గుంత నుంచి, ఎంత లోతు నుంచి మట్టి తీయబోతున్నారో అక్కడి మట్టినే పరీక్షకు పంపాలి. గుంతలో రంగు గానీ జిగురు గానీ మారితే అది వేరే మట్టి కిందే లెక్క, దానికి వేరే పరీక్ష కావాలి. వేర్లు, గడ్డి ఉన్న పైపొరను పక్కన పెట్టాలి. నమూనాను నీడలో గాలికి ఆరబెట్టాలి తప్ప ఓవెన్‌లో ఎండబెట్టకూడదు, ఎందుకంటే ఆ వేడికి బంకమట్టి గుణం మారి, వచ్చే అంకెలు పొలంలోని మట్టికి సరిపోకపోవచ్చు.

పరీక్ష పద్ధతి తేలికైనదే. 1000 ఘన సెంటీమీటర్ల అచ్చులో తడిపిన మట్టిని మూడు పొరలుగా వేసి, ఒక్కో పొరను 2.6 కిలోల దిమ్మిసతో 310 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి 25 దెబ్బలు కొడతారు. తర్వాత అచ్చు అంచు వరకు చదునుగా కోసి తూకం వేసి, లోపలి మట్టిలో కొంత తీసి 105 నుంచి 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తేమ లెక్కిస్తారు. నీరు కొద్దికొద్దిగా పెంచుతూ ఇలా కనీసం ఐదుసార్లు చేస్తారు. ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా దొర్లుతాయి. ఒకసారి దిమ్మిస కొట్టిన మట్టినే మళ్లీ తడిపి వాడితే గింజలు నలిగి సాంద్రత ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ప్రతిసారికీ కొత్త మట్టి తీసుకోవాలి. బంకమట్టిలో నీరు కలిపిన వెంటనే పరీక్ష చేస్తే గడ్డల లోపలికి తడి చేరదు కాబట్టి, కలిపిన మట్టిని మూత గట్టిగా పెట్టిన డబ్బాలో రాత్రంతా ఉంచాలి. చివరి పొర అచ్చు అంచు కన్నా కిందికి ఉన్నా, మరీ పైకి పొంగినా ఆ తూకాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

తూకాలు వచ్చాక లెక్క ఎలా చేయాలో ఉదాహరణగా తీసుకున్న ఒక బంకమట్టి అంకెలతో చూద్దాం. తడి సాంద్రతను, ఒకటికి తేమను దశాంశంగా కలిపిన సంఖ్యతో భాగిస్తే పొడి సాంద్రత వస్తుంది. అంటే తేమ 14.4 శాతమైతే 2.031ని 1.144తో భాగించాలి.

| తేమ (శాతం) | తడి సాంద్రత (గ్రా./ఘ.సెం.మీ.) | పొడి సాంద్రత (గ్రా./ఘ.సెం.మీ.) |
|---|---|---|
| 10.2 | 1.840 | 1.670 |
| 12.3 | 1.943 | 1.730 |
| 14.4 | 2.031 | 1.775 |
| 16.5 | 2.060 | 1.768 |
| 18.6 | 2.025 | 1.707 |

తడి సాంద్రత 16.5 శాతం దగ్గర అత్యధికంగా ఉంది. దాన్ని చూసి అదే అనుకూల తేమ అనుకుంటే పొరపాటే, ఎందుకంటే ఆ బరువులో అదనంగా చేరిన నీటి బరువు కూడా ఉంది. పొడి సాంద్రత అంకెల మీదుగా నున్నని వంపుగీత గీస్తే దాని శిఖరం 15.2 శాతం దగ్గర, సుమారు 1.78గా వస్తుంది. శిఖరానికి రెండు వైపులా కనీసం రెండేసి బిందువులు లేకపోతే ఆ గీతను నమ్మకుండా మరో నీటి పాళ్లతో పరీక్షను పొడిగించమని అడగాలి.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. కట్టలో గరిష్ఠ పొడి సాంద్రతలో 95 శాతం సాధించాలని సాధారణంగా చెబుతారు. ఈ మట్టికి అది 1.69. గీత మీద చూస్తే 1.69 రెండుచోట్ల తగులుతుంది: 11 శాతం తేమ దగ్గర ఒకసారి, 19 శాతం దగ్గర మరోసారి. సాంద్రత ఒకటే అయినా ఆ రెండు కట్టలూ ఒకటి కావు. పొడివైపు తొక్కించిన బంకమట్టిలో గడ్డలు పూర్తిగా నలగక వాటి మధ్య సన్నని దారులు మిగులుతాయి. అనుకూల తేమకు కొంచెం పైన తొక్కించినప్పుడు ఆ గడ్డలు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి నీరు ఊరడం పదుల రెట్లు తగ్గవచ్చు. మరీ 19 శాతానికి పోతే రోలర్ కింద మట్టి రబ్బరులా ఊగుతుంది, బలం తగ్గుతుంది, తర్వాత ఎండినప్పుడు పగుళ్లు ఎక్కువవుతాయి. కాబట్టి ఇలాంటి మట్టికి అనుకూల తేమ నుంచి దాని పైన 2 శాతం వరకు, అంటే 15 నుంచి 17 శాతం మధ్య ఉంచి తొక్కించడం మంచిది. “95 శాతం వచ్చింది” అని చెప్పే నివేదికలో పక్కన తేమ అంకె లేకపోతే అది సగం నివేదికే.

ఆ తేమను పొలంలో తెచ్చుకోవడానికి ముందే లెక్క వేసుకోవాలి. గుంత మట్టి 9 శాతం తేమతో ఉందనీ, మనకు 16 శాతం కావాలనీ అనుకుందాం. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, తొక్కాక 15 సెంటీమీటర్ల మందం ఉండే పొర 4.5 ఘనపు మీటర్లు అవుతుంది. ఘనపు మీటరుకు 1,700 కిలోల పొడిమట్టి చొప్పున లెక్కిస్తే, కావలసిన 7 శాతానికి సుమారు 535 లీటర్ల నీరు పట్టాలి. ఎండకు ఆవిరయ్యేది దీనికి అదనం. ఈ నీటిని తొక్కిన పొర మీద చల్లితే లోపలికి దిగదు. ముందురోజే గుంతలో తడపడం గానీ, పరచిన వదులు మట్టిలో చల్లి గుంటకతో కలపడం గానీ చేయాలి.

పని జరుగుతున్నప్పుడు చేతి పరీక్షను ఎప్పటికప్పుడు చేస్తూ ఉండాలి. పిడికెడు మట్టిని గట్టిగా నొక్కితే ముద్ద కట్టి, వదిలితే రెండు మూడు ముక్కలుగా విరగాలి. పొడిగా రాలిపోతే నీరు తక్కువ, అరచేతికి జిగురుగా అంటుకుంటే ఎక్కువ. ఇది దారి చూపుతుందే తప్ప కొలత కాదు. కొలత కోసం రెండు వైపులా తెరిచి ఉండే ఉక్కు గొట్టమైన కోర్ కట్టర్‌ను పొరలోకి దించి నమూనా తీసి, దాని తడి సాంద్రతనూ తేమనూ రెండింటినీ కొలవాలి. రాళ్లు ఎక్కువగా ఉన్న మట్టిలో కోర్ కట్టర్ సరిగా దిగదు, అక్కడ ఇసుకతో గుంత నింపి కొలిచే పద్ధతి వాడాలి. పొర నడిమధ్యలో మాత్రమే కాకుండా అంచుల దగ్గరా, గట్టులో పైపు వెళ్లే చోటా నమూనా తీయడం చాలా అవసరం, ఎందుకంటే రోలర్ సరిగా చేరనిది అక్కడే. పైపు చుట్టూ చేతి దిమ్మిసతో పలుచటి పొరలుగా కొట్టించాలి.

ఈ పరీక్ష చెప్పలేనిది కూడా ఒకటుంది. కొన్ని బంకమట్టులు ఎంత బాగా తొక్కినా నిలకడ నీటిలోనే పాలలా విడిపోతాయి, ఆ గుణం ప్రోక్టర్ గీతలో కనిపించదు. తేమగా ఉన్న చిన్న మట్టి ఉండను ఖనిజాలు తీసేసిన నీటి గ్లాసులో కదపకుండా గంటసేపు ఉంచి చూడాలి. చుట్టూ మసక పొర పరుచుకుంటే ఆ మట్టిని కట్టకు వాడే ముందు ప్రయోగశాలలో ప్రత్యేకంగా పరీక్షింపజేయాలి. నీరు తేటగా ఉన్నంత మాత్రాన మట్టి మంచిదని తేలినట్టు కాదు కాబట్టి, ఆ ప్రాంతంలో పాత గట్లకు సన్నని సొరంగాలు పడిన ఆనవాళ్లుంటే అప్పుడు కూడా ఆ పరీక్ష చేయించాలి.

మధ్యలో జల్లు పడితే పైపొర ఆరేదాకా ఆగాలి. ఆగినన్ని రోజులు ఎండ కాస్తే పైపొర అట్టకట్టి నున్నగా గట్టిపడుతుంది. దాని మీద నేరుగా కొత్త మట్టి పోస్తే రెండు పొరలూ అతుక్కోక ఆ సందు వెంట నీరు ఊరుతుంది. అందుకే ఆ పొరను నాలుగైదు సెంటీమీటర్ల లోతు గీరి, తడిపి, తేమ మళ్లీ కొలిచి 15 నుంచి 17 శాతం మధ్యకు వచ్చాకే తర్వాతి పొర వేయాలి.