కేసు లైటు వెలుగుతోంది, ఇయర్‌బడ్ మాత్రం చార్జ్ అవడం లేదు

మా బావమరిది అడయార్‌లో ఉంటాడు. రోజూ పొద్దున్నే బెసంట్ నగర్ బీచ్‌లో చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని పరుగెడతాడు. మొన్న ఆదివారం వాటిని పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "బావా, కేసు లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. ఎడమది వంద శాతం, కుడిది సున్నా. బ్యాటరీ పోయినట్టేనా? కొత్తది కొనేయనా?"

కొనకముందు చూడాల్సింది ఒకటుంది. చాలా మోడళ్లలో ఆ లైటు చెప్పేది కేసు సంగతి, బడ్ సంగతి కాదు. కేసులో కరెంటు ఉన్నంత మాత్రాన అది బడ్‌లోకి దిగుతున్నట్టు కాదు. కేసులోనే చార్జ్ అడుగంటినా లైటు మినుకుతుంది కాబట్టి ముందుగా ఓ అరగంట దాన్ని వైరుకు పెట్టాం. తేడా లేదు.

ఎక్కడ ఆగుతోంది

బడ్‌లో కాస్త చార్జ్ మిగిలి ఉంటే, ఫోన్‌లో బ్లూటూత్ తెరిచి దాన్ని కేసులో పెట్టి మూత వేయండి. పిన్నులు తగిలితే అది ఫోన్ నుంచి తెగిపోవాలి. ఇంకా కనెక్టయ్యే ఉంటే, కేసులోకి వచ్చానన్న సంగతే దానికి తెలియలేదన్నమాట. మావాడి కుడి బడ్‌లో చార్జే లేదు కాబట్టి ఇది కుదరలేదు. మూత తీసి వేలితో మెల్లగా నొక్కితే బడ్ మీది చిన్న లైటు వెలిగింది, వదిలితే ఆరిపోయింది. నాకు అది చాలు. బ్యాటరీ సంగతి తర్వాత, ముందు తగలడంలోనే తేడా ఉంది.

సెల్ టార్చ్ వేసి చూస్తే కేసు గుంటలో రెండు పిన్నులు కనిపించాయి. వాటి కింద సన్నటి స్ప్రింగులుంటాయి. ఒకటి పసుపుగా మెరుస్తోంది, రెండోదాని చుట్టూ ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము. పరుగు నుంచి రాగానే చెమటతోనే బడ్‌ను కేసులో పడేస్తున్నాడు. చెమటలో ఉప్పుంటుంది, పిన్నుల మధ్య కరెంటుంటుంది. రెండూ కలిస్తే పైనున్న పల్చటి పూత తినేసి, కింది లోహం చిలుమెక్కుతుంది. చెన్నై ఉక్కపోతలో ఆ తడి తొందరగా ఆరదు కూడా.

శుభ్రం చేయడం

ముందు పొడి దూదిపుల్లతో గులిమి, దుమ్ము తీశాం. (దూదిపుల్లనీ ఇయర్‌బడ్ అనే అంటారు, షాపులో జాగ్రత్త.) తర్వాత మొబైల్ రిపేరు వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇంకో పుల్లను ముంచి, కారకుండా పిండి, పిన్నుల మీద తిప్పాం. రిచీ స్ట్రీట్‌లో చిన్న సీసా దొరుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో జిగురుగా మిగిలే గ్లిజరిన్ లాంటివి ఉంటాయి. ద్రవాన్ని నేరుగా గుంటలో పోయకూడదు.

మొండి చిలుమును చెక్క టూత్‌పిక్ మొనతో గీకాం. గుండుసూది పెడితే రెండు పిన్నులూ కలిసి షార్ట్ కావచ్చు. అదే టూత్‌పిక్‌తో పిన్నును కొద్దిగా నొక్కి వదిలితే అది పైకి లేవాలి. మొదట కుడి పిన్ను సగంలోనే ఇరుక్కుంది. ఆల్కహాల్ తడితో నాలుగైదుసార్లు మెల్లగా ఆడించాక లేచింది. బడ్ అడుగున ఉన్న చుక్కల్ని పెన్సిల్ రబ్బరుతో రెండుసార్లు తేలిగ్గా రుద్దితే మెరుపొచ్చింది. గరుకు కాగితం మాత్రం వాడకండి, మిగిలిన పూత కూడా పోతుంది. పది నిమిషాలు మూత తీసి ఆరబెట్టాం.

ఇప్పుడు పెడితే లైటు వెలిగింది, కాసేపటికి ఆరింది!

సరిగ్గా కూర్చుంటోందా

అప్పుడు చూశాను, చెవికి తగిలించే రబ్బర్లు వేరే రంగులో ఉన్నాయి. "పరుగెడుతుంటే కుడిది జారిపోతోందని పెద్ద సైజు మార్చా బావా" అన్నాడు. కుడి రబ్బరు అంచు గుంట గోడకు ఆనుకుని బడ్‌ను వెంట్రుకవాసి పైకి లేపుతోంది. పిన్నులకు అంత ఎడం చాలు. రబ్బరు పూర్తిగా తీసేసి పెడితే టక్కున అయస్కాంతం లాక్కుంది, లైటు నిలిచింది. పాత సైజు రబ్బరు తొడిగి మూత వేశాక కూడా నిలిచింది.

పూర్తిగా అడుగంటిన బడ్ వెంటనే అంకె చూపించకపోవచ్చు. అరగంట ఆగాం. కుడిది ఫోన్‌లో కనిపించింది.

ఇవన్నీ చేసినా, వేలితో నొక్కినా లైటు రాకపోతే పిన్ను స్ప్రింగు విరిగి ఉండొచ్చు, లేదా బడ్ లోపలి బ్యాటరీ పోయి ఉండొచ్చు. అది ఇంట్లో అయ్యే పని కాదు. వారంటీ ఉంటే తెరవకుండా సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. మల్టీమీటర్ ఉన్నవాళ్లకు ఒక మాట: పిన్నుల మధ్య సున్నా చూపించిందని కేసు పోయిందనుకోవద్దు, బడ్ తగిలితే తప్ప పూర్తి వోల్టేజీ ఇవ్వని కేసులున్నాయి.

మావాడు ఇప్పుడు పరుగయ్యాక బడ్స్‌ను బనీనుతో తుడిచి, స్నానం చేసి వచ్చేదాకా బల్ల మీదే వదిలేస్తున్నాడు.