టిప్పుల లెక్క, మూడో పాఠం: ఆదివారం డబ్బు ఎవరిది?

పోయిన పాఠంలో టిప్పులన్నీ ఒకే డబ్బాలో వేసి, సోమవారం రాత్రి షాపు కట్టేశాక వాటాలు వేసి పంచుకోమన్నాను. కత్తెర పట్టేవారికి, ఫేషియల్ చేసేవారికి రోజుకు 3 వాటాలు. తలలు కడిగి, తువ్వాళ్లు అందించి, నేల ఊడ్చే కుర్రాడికి 2. మంగళవారం ఎలాగూ సెలవు కనుక వారానికి ఒక్క లెక్క చాలనుకున్నాను. చాలలేదు. రావులపాలెం నుంచి ఒక సెలూన్ యజమాని ఫోన్ చేసి, "గురువుగారూ, మీ లెక్క పెట్టిన మూడో వారానికే మా పెద్ద మాస్టర్ నాతో మాట్లాడటం మానేశాడండి" అన్నారు. తప్పు నాది. ఆయన లెక్కే ఇక్కడ విప్పుతాను.

ఆ వారం డబ్బాలో 3,000 రూపాయలు వచ్చాయి. పెద్ద మాస్టర్, ఫేషియల్ చేసే అతను, కుర్రాడు ఆరు రోజులూ ఉన్నారు. రెండో మాస్టర్ శని, ఆదివారాలు పెళ్లికి వెళ్లి నాలుగు రోజులే పనిచేశాడు. నేను చెప్పినట్టు లెక్కేస్తే వాటాలు 18, 18, 12, 12. మొత్తం 60, వాటా 50 రూపాయలు. రెండో మాస్టర్‌కు 600, కుర్రాడికీ 600. చూడటానికి సవ్యంగానే ఉంది, అతని సెలవు రోజులకు వాటా ఇవ్వలేదు కూడా.

కానీ ఆ 3,000లో 1,680 వచ్చింది శని, ఆదివారాల్లోనే. మిగతా నాలుగు రోజులకూ కలిపి 1,320. అంటే ఆదివారం నిలబడి కాళ్లు వాచినవారి డబ్బు, పెళ్లిభోజనం చేసినవాడికి కొంత వెళ్లింది. బుధవారం వాటానూ ఆదివారం వాటానూ ఒకే ధరకు కట్టడమే ఇక్కడి గుంట. ఇందులో నేనే పడ్డాను కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఏ రోజు డబ్బు ఆ రోజు ఉన్నవారికే పంచి చూడండి. నలుగురూ ఉన్న నాలుగు రోజులకు వాటాలు రోజుకు 11, మొత్తం 44. 1,320ని 44తో భాగిస్తే వాటా 30. శని, ఆదివారాలకు ముగ్గురే కనుక రోజుకు 8, మొత్తం 16. 1,680ని 16తో భాగిస్తే వాటా 105. ఇప్పుడు పెద్ద మాస్టర్‌కు 360, 630 కలిపి 990. ఫేషియల్ అతనికీ అంతే. కుర్రాడికి 240, 420 కలిపి 660. రెండో మాస్టర్‌కు 360. అదే డబ్బా, అదే 3,000. అతని వాటా మాత్రం 240 తగ్గింది. పంపకం సోమవారమే చేయండి, లెక్క మాత్రం ఏ రాత్రికారాత్రి ఇద్దరి ఎదుట కట్టి పుస్తకంలో రాయండి.

రెండో గుంట కూడా నేను తవ్విందే. "కస్టమర్ పేరు పెట్టి ఇస్తే అది వారిదే" అన్నాను. వారం తిరిగేసరికి ప్రతి నోటూ పేరు పెట్టే వచ్చింది! ఆ మాట కొట్టేయండి. షాపులో వచ్చిన ప్రతి రూపాయీ డబ్బాలోకే. పెళ్లికొడుకు ఇంటికి వెళ్లి పని చేసినవారికి ఇచ్చే పంచె, బియ్యం, తాంబూలం, డబ్బు మాత్రం వెళ్లినవారివే.

ఎవరి టిప్పు వారే ఉంచుకోవడం తప్పేమీ కాదు. రెండు కుర్చీల షాపులో, తల కడగడం మొదలు మెడ దులపడం దాకా ఒక్కరే చేసే చోట నేనూ అదే చెబుతాను. కుర్రాడు ఉన్న చోట అది చెడుతుంది. తల కడిగింది ఒకరు, నోటు అందేది అద్దం ముందున్నవారికి. కొన్నాళ్లకు టిప్పు ఇవ్వని పెద్దాయన లోపలికి రాగానే అందరికీ ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

ఫోన్‌తో వచ్చే టిప్పు మరో తంటా. 150 బిల్లుకు 200 కొడితే ఆ 50 యజమాని ఖాతాలో పడుతుంది. అప్పుడే పుస్తకంలో రాసి, షాపు కట్టేముందు గల్లాలోంచి తీసి డబ్బాలో వేయాలి. "రేపు వేస్తాను" అన్న యజమానిని నమ్మరు, నేనైనా నమ్మను.

అద్దం పక్కన అంటించే కాగితంలో నా షాపులో ఉన్నవి ఇవే:

"టిప్పులన్నీ డబ్బాలోకే. ఏ రోజుది ఆ రోజు పనిచేసినవారికే. సగం పూట వస్తే సగం వాటా. యజమాని కుర్చీ దగ్గర నిలబడినా వాటా లేదు. పగిలిన సామానుకు, జీతానికి, అడ్వాన్సుకు ఇందులోంచి కోయరాదు. వాటాలు మార్చాలంటే అందరూ సంతకం పెట్టాలి, మార్పు వచ్చే వారం నుంచే."

అభ్యాసం: మీ షాపులో మూడు వారాల టిప్పులు రోజువారీగా, ఎవరి చేతికి ఎంత వచ్చిందో కూడా రాయండి. ఒక్కో వారాన్నీ మూడు విధాలుగా కట్టండి: ఎవరిది వారికి, వారం మొత్తం మీద, రోజువారీగా. మూడింటిలోనూ ఎవరి మొత్తం ఎక్కువగా ఊగుతోందో గుర్తించి, కాగితం అంటించే ముందు ఆ మనిషితో విడిగా కూర్చోండి. సంక్రాంతి వారాన్ని ఇందులో కలపకండి, దానికి వేరే పాఠం ఉంది.