పీసీ మనమే కట్టుకుందాం, 6వ భాగం: కార్డును నిలబెడితే ఏమవుతుంది?

పోయిన భాగంలో గ్రాఫిక్స్ కార్డును స్లాట్‌లో నేరుగా గుచ్చాం కదా, ఈసారి దాన్నే ఫ్యాన్లు గాజు తలుపు వైపు తిరిగేలా నిలువుగా పెడదాం. ఒకటి ముందే చెప్తున్నా, దీనివల్ల స్పీడు ఏమీ పెరగదు, ఇది అచ్చంగా సోకు కోసమే.

మిర్యాలగూడలో ఉండే మా తమ్ముడు ఇదే చేసి ఫోన్ చేశాడు. "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, మానిటర్‌లో మాత్రం బొమ్మ లేదు." కార్డు ఆర్‌టీఎక్స్ 3060, బోర్డు బీ550, ప్రాసెసర్ రైజెన్ 5600. తప్పు రైజర్ కేబుల్‌ది, అంటే నిలబెట్టిన కార్డును బోర్డు మీది స్లాట్‌కు కలిపే తీగది. పాతదని సగం ధరకు కొన్నాడు, అది జెన్ 3 వరకే పనికొస్తుంది, జెన్ అంటే ఆ పీసీఐఈ స్లాట్ వేగం ఎన్నో తరానిదో చెప్పే లెక్క. జెన్ 4లో సిగ్నల్ వేగం రెట్టింపు. వేగం పెరిగేకొద్దీ రాగి తీగలో సిగ్నల్ ఎక్కువ నీరసిస్తుంది, పైగా రైజర్ పెడితే దారి పొడవవుతుంది, మధ్యలో ఒక కనెక్టర్ కూడా పెరుగుతుంది. కార్డూ బోర్డూ మాత్రం కేబుల్ సంగతి తెలియక జెన్ 4లోనే మాట్లాడుకోబోతాయి.

బయోస్‌లో ఆ స్లాట్ స్పీడును Auto నుంచి Gen3కి మార్చాలి, కానీ బొమ్మే రాకపోతే బయోస్‌లోకి పోయేదెట్లా? 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు. అందుకే రైజర్ తీసేసి, కార్డును నేరుగా స్లాట్‌లో పెట్టి, సెట్టింగ్ మార్చి సేవ్ చేసి, అప్పుడు మళ్లీ రైజర్ తగిలించాం. తర్వాత గేమ్ నడుస్తుండగా చూడండి (ఖాళీగా ఉన్నప్పుడు కార్డు తనే జెన్ 1కి దిగుతుంది, అది చూసి టెన్షన్ పడకండి):

```
nvidia-smi --query-gpu=pcie.link.gen.current,pcie.link.width.current --format=csv
```

3, 16 అని వస్తే, అంటే జెన్ 3, పదహారు లేన్లు అని వస్తే సరే, లేన్లంటే డేటా పోయే దారులు. ఈ కార్డుకు జెన్ 3 వల్ల పోయేది గేమ్‌లో కంటికి ఆనదు. 4060 లాంటి ఎనిమిది లేన్ల కార్డైతే కొంచెం ఎక్కువ తెలుస్తుంది, దానికి జెన్ 4 రైజరే కొనండి. బొమ్మ వచ్చినా తెర అప్పుడప్పుడూ నల్లబడుతుంటే, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో WHEA-Logger హెచ్చరికలు వరుసగా పడుతుంటే ముందు రైజర్‌నే అనుమానించాలి. ఎప్పుడైనా సీమాస్ రీసెట్ చేస్తే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, ఇదీ Autoకి పోయి మళ్లీ చీకటే.

ఇక గాలి. వాడి కార్డు ఫ్యాన్లకూ గాజుకూ మధ్య వేలు సందు కూడా లేదు, అవి గాలి పీల్చాల్సింది ఆ సందులోంచే. అరగంట ఒకే గేమ్ ఆడించి చూశాం: తలుపు వేస్తే 82 డిగ్రీలు, తీస్తే 73. ఇంత తేడా వచ్చిందంటే గాజే ఊపిరి ఆపుతున్నట్టు, తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే సందు చాలినట్టు. బ్రాకెట్ స్క్రూలు వదులు చేసి కార్డును బోర్డు వైపు రెండు వేళ్ల మందం జరిపితే తలుపు వేసినా 76 దగ్గర ఆగింది. ఇది జనవరి సంగతి. మే నెలలో గదే 38 ఉంటుంది, పైగా రైస్ మిల్లుల దుమ్ము, అందుకే ఎండాకాలం వరకే నిలబెట్టుకుంటా, తర్వాత మళ్లీ పడుకోబెడతా అన్నాడు.