హోమ్‌పేజీలో 42 లోగోలున్నా కొనేవాళ్లు ఎందుకు నమ్మడం లేదు? సమస్య - పరిష్కారం

బెంగళూరు పీణ్యా రెండో ఫేజ్‌లో సీఎన్‌సీ టర్నింగ్, మిల్లింగ్ పని చేసే ఒక వర్క్‌షాప్ ఉంది. ఓనర్ హిందూపురం వైపు వారు. వాళ్ల వెబ్‌సైట్ సరిచేసే పని మీద వెళ్తే మొదట ఆయన అడిగింది ఇదీ:

"తమ్ముడూ, సైట్‌లో ఇన్ని లోగోలు, ఇన్ని సర్టిఫికెట్లు పెట్టాం కదా. అయినా వచ్చిన ప్రతి మెయిల్‌లో సర్టిఫికెట్ పంపండి, ఎవరికి చేస్తున్నారో చెప్పండి అనే అడుగుతున్నారు. వాళ్లు అసలు సైట్ చూడరా?"

"చూస్తున్నారన్నా. చూశాకే అడుగుతున్నారు" అన్నాను.

హోమ్‌పేజీలో 42 కస్టమర్ల లోగోలు, పదకొండు బ్యాడ్జీలు, తిరిగే నాలుగు అంకెలు ఉన్నాయి. ఈ పేజీ చదివేది ఎక్కువగా ఏదో కంపెనీలోని పర్చేజ్ ఇంజినీరు, లేదా సప్లయర్ క్వాలిటీ చూసే మనిషి. ఐదారుగురు వెండర్లను ఏరి, ప్రతి ఒక్కరి గురించీ తన బాస్‌కు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. బొమ్మ చూపించి బాస్‌కు జవాబు చెప్పలేడు. తనే సరిచూసుకోగలిగిన వివరం కావాలి. కింద చెప్పిన చిక్కులన్నీ ఆ వివరం దొరకనందువల్ల వచ్చినవే.

సమస్య 1: లోగోలు చూసి కూడా "ఎవరికి ఏం చేశారు?" అని అడుగుతున్నారు

కారణం తెలుసుకోవడానికి 42 పేర్లనూ ఒక షీట్‌లో రాసి, ఒక్కోదాని ఎదురుగా చివరి ఇన్‌వాయిస్ తేదీ, చేసిన పార్ట్ పేరు రాయించాను. రెండు గంటల్లో విషయం బయటపడింది. తొమ్మిది కంపెనీలకు శాంపిల్ మాత్రమే ఇచ్చారు, ఆర్డర్ రాలేదు. ఏడు కంపెనీలు కొని ఐదేళ్లు దాటింది. నాలుగు అసలు కస్టమర్లే కాదు, ఈయన టూల్స్, కూలెంట్ కొనే కంపెనీలు. పాత డిజైనర్ అడిగినప్పుడు ఆఫీసులో ఎవరో పార్టీల లిస్టు మొత్తం పంపేశారట. పదకొండు కంపెనీలకు వీళ్ల సరుకు నేరుగా వెళ్లదు. వీళ్లు బుష్ చేసి ఒక సప్లయర్‌కు ఇస్తే, ఆయన దాన్ని అసెంబ్లీలో బిగించి వాహన కంపెనీకి పంపుతాడు. ఇక్కడ మాత్రం ఏకంగా ఆ వాహన కంపెనీ లోగోనే పెట్టేశారు. ఇవన్నీ పోగా నిజంగా నేరుగా, ఇప్పటికీ కొంటున్నవి పదకొండు మిగిలాయి.

అన్నిటికంటే ప్రమాదం నేరుగా సప్లై లేని ఆ పదకొండు పెద్ద లోగోలతోనే. అదే రంగంలో పనిచేసే ఇంజినీరు ఒక ఫోన్ చేసి "ఈ వెండర్ కోడ్ మీ దగ్గర ఉందా?" అని అడిగితే లేదనే వస్తుంది. అప్పుడు మిగతా పేజీలో ఉన్న నిజాలను కూడా ఆయన నమ్మడు.

పరిష్కారం: నేరుగా కొనేవాళ్లకు మాత్రమే లోగో, అదీ అనుమతి ఉంటేనే. లోగో అనేది ట్రేడ్‌మార్క్. పైగా చాలా పర్చేజ్ ఆర్డర్ల, అంటే పీఓల షరతుల్లో, గోప్యత ఒప్పందాలైన ఎన్‌డీఏల్లో మా పేరు ప్రచారానికి వాడకూడదని ఒక లైన్ ఉంటుంది. వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉండడంతో ఎవరూ చదవరు. ముందు అది వెతికి, ఆ తర్వాత మెయిల్ రాయాలి. మెయిల్‌లో మూడు విషయాలు చాలు: ఏ లోగో, ఏ పేజీలో, దాని కింద ఏ వాక్యం. వద్దన్న రోజే తీసేస్తామని కూడా రాయండి, అవతలివాళ్లు ఒప్పుకోవడం తేలికవుతుంది. మేం పంపిన పదకొండు మెయిళ్లకు ఐదుగురు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు, నలుగురి నుంచి జవాబే లేదు. జవాబు రాకపోతే లేదన్నట్టే లెక్క వేశాం. ఐదు లోగోలే మిగిలాయి.

ఓనర్ గారికి అది మింగుడుపడలేదు. "42 ఉన్నచోట ఐదా?" అన్నారు. కానీ ప్రతి లోగో కింద ఒక వాక్యం చేరింది, ఉదాహరణకు "2016 నుంచి హైడ్రాలిక్ వాల్వ్ స్పూళ్లు". స్పూళ్లు చేసే షాపు కోసం వెతికే మనిషికి ఆ ఒక్క వాక్యం చెప్పేది 42 లోగోలు చెప్పలేవు. లోగో వాడుకునే అనుమతి లేనిచోట రంగం పేరు రాశాం: "బస్సు తలుపుల మెకానిజం తయారుచేసే కంపెనీకి స్టెయిన్‌లెస్ పిన్లు". నేరుగా వెళ్లని సరుకు గురించి కూడా నిజమే రాశాం: "మా బుష్‌లు మరో సప్లయర్ ద్వారా వాణిజ్య వాహనాల్లోకి వెళ్తాయి". అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆ రంగంలో ఊళ్లో ఒక్క కంపెనీయే ఉంటే, పేరు రాయకపోయినా రాసినట్టే. అలాంటి వాక్యం కూడా అడిగే పెట్టాలి.

సమస్య 2: లోగోల వరుస గజిబిజిగా కనిపిస్తోంది

ఇది చిన్న చిక్కే. వరుస దానంతట అదే జరుగుతుంటే, చదవబోయే లోగో చదివేలోపే వెళ్లిపోతుంది. ఐదే ఉన్నప్పుడు స్లైడర్‌తో పనేముంది, తీసేయండి. రెండో తప్పు, అన్నిటికీ ఒకే ఎత్తు ఇవ్వడం. అలా ఇస్తే అడ్డంగా సాగిన లోగో భారీగా, గుండ్రటి లోగో గోలీకాయంత కనిపిస్తాయి. ఎత్తుకు బదులు వైశాల్యం సమానంగా ఉంచండి:

```
width  = √(area × ratio)
height = width ÷ ratio
```

ఇందులో ratio అంటే లోగో వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చేది. వైశాల్యం 3,600 చదరపు పిక్సెళ్లు అనుకుందాం. చదరపు లోగో 60 × 60 వస్తుంది. వెడల్పు ఎత్తుకు నాలుగింతలున్న లోగో 120 × 30 వస్తుంది. ఫోన్‌లో వరుసకు రెండు చొప్పున హాయిగా పడతాయి. వెనక తెల్ల డబ్బా ఉన్న జేపీజీలు వద్దు, కస్టమర్ దగ్గరే ఎస్‌వీజీ అడగండి. రంగులు మార్చి అన్నీ బూడిద రంగు చేసే ముందు కూడా వాళ్లను అడగాలి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

సమస్య 3: బ్యాడ్జీ ఉంది, అయినా "సర్టిఫికెట్ పంపండి" అంటున్నారు

ఇక్కడ కాస్త ఆగుదాం. బయ్యర్ అసలు పట్టుకునేది దీన్నే.

పాత పేజీలో ఐఎస్‌ఓ వాళ్ల సొంత లోగో, దాని చుట్టూ బంగారు రంగు గుండ్రం, కింద "ఐఎస్‌ఓ సర్టిఫైడ్ కంపెనీ" అని ఉంది. ఆ మూడు పదాల్లోనే రెండు తప్పులున్నాయి. ఐఎస్‌ఓ ప్రమాణాలు రాస్తుంది గానీ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. సర్టిఫికెట్ ఇచ్చేవి వేరే సంస్థలు. ఐఎస్‌ఓ లోగో ఆ సంస్థ రిజిస్టర్ చేసుకున్న ట్రేడ్‌మార్క్, దాన్ని మన సైట్‌లో పెట్టుకోకూడదు. ఇక వట్టి "ఐఎస్‌ఓ సర్టిఫైడ్" అంటే ఏ ప్రమాణమో తెలియదు, ఐఎస్‌ఓ 9001:2015 అని పూర్తిగా రాయాలి.

ఆ పైన సర్టిఫికెట్ కాగితాన్నే తీసి చదివాం. అందులో స్కోప్ అనే లైన్ ఉంటుంది, దాన్ని ఓనర్లు చాలామంది చదవరు. వీళ్లది మెషీన్ చేసిన విడిభాగాల తయారీకి, పీణ్యా అడ్రస్‌కు మాత్రమే వచ్చింది. డాబస్‌పేటలో కొత్తగా పెట్టిన షీట్ మెటల్ యూనిట్ అందులో లేదు. సైట్‌లో మాత్రం బ్యాడ్జీ డాబస్‌పేట షెడ్ ఫోటో పక్కనే ఉంది. ఇంకోచోట ఒక ఫ్లాంజ్ ఫోటో మీదే అతికించారు. 9001 అనేది పనిచేసే పద్ధతికి ఇచ్చే సర్టిఫికెట్, వస్తువుకు ఇచ్చేది కాదు. వస్తువు ఫోటో మీద అది కనిపిస్తే ఆ ఫ్లాంజ్‌నే ఎవరో పరీక్షించి పాస్ చేశారనే అర్థం వస్తుంది.

మిగతా బ్యాడ్జీలు త్వరగానే తేలిపోయాయి. వాహన రంగం సప్లయర్ల నాణ్యత ప్రమాణమైన ఐఏటీఎఫ్ 16949 "ప్రాసెస్‌లో ఉంది" అట. ఆడిట్ పూర్తయి చేతికి వచ్చేదాకా పేజీలో చోటు లేదు. సీఈ గుర్తు కూడా ఉంది. యూరప్ నిబంధనలు ఏ వస్తువులకు అడుగుతాయో వాటికే ఆ గుర్తు, మామూలు బుష్‌కు పెట్టకూడదు. ఉద్యమ్, జీఎస్‌టీ అనేవి రిజిస్ట్రేషన్లు, నాణ్యతతో వాటికి సంబంధం లేదు. ఫుటర్‌లో నంబర్లు రాస్తే చాలు.

పరిష్కారంగా పదకొండు బ్యాడ్జీలు తీసి, మొదటి స్క్రీన్ కిందే ఈ చిన్న డబ్బా పెట్టాం:

```
ISO 9001:2015 certified
Scope: Manufacture of precision machined components
Site: Peenya, Bengaluru
Certified by: ...   Certificate no.: ...
Valid until: 14 March 2027
View certificate (PDF)
```

చుక్కల చోట ఇచ్చిన సంస్థ పేరు, సర్టిఫికెట్ నంబరు వస్తాయి. ఆ సంస్థకు సర్టిఫికెట్లు ఇచ్చే గుర్తింపు, అంటే అక్రిడిటేషన్ ఉందో లేదో మీరే ముందు చూసుకోండి. మన దేశంలో ఎన్‌ఏబీసీబీ జాబితా ఉంది, బయటి దేశాలవాటికి `iafcertsearch.org` ఉంది. తక్కువ డబ్బుకు రెండు రోజుల్లో కాగితం ఇచ్చేవాళ్లు ఉన్నారు. అలాంటి కాగితం ఉంటే డబ్బా పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే వెతికి చూసే అలవాటున్న బయ్యర్ నిమిషంలో కనిపెట్టేస్తాడు.

సమస్య 4: అంకెలు ఎవరూ నమ్మడం లేదు, ఫోన్‌లో సున్నా కనిపిస్తోంది

సున్నా సంగతి ముందు. అంకె తిరిగే స్క్రిప్ట్ లోడ్ కాకపోతే హెచ్‌టీఎంఎల్‌లో ఉన్నదే కనిపిస్తుంది, అక్కడ 0 రాసి ఉంది. కాబట్టి "0+ క్లయింట్లు" అని వస్తోంది. అసలు అంకెనే హెచ్‌టీఎంఎల్‌లో రాసేయండి, తిప్పే యానిమేషన్ తీసేయండి.

```html
<strong>14</strong> CNC turning centres
```

ఇక నమ్మకం సంగతి. "99.9% క్వాలిటీ" ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఓనర్ గారు "అందరూ అదే పెడతారు కదా" అన్నారు. క్వాలిటీ రిజిస్టర్ తెప్పించాం. 2024-25లో పంపినవి 4,80,000 పీసులు, వెనక్కి వచ్చినవి 1,152. అంటే పది లక్షలకు 2,400, మెషీన్ షాపుల భాషలో 2,400 పీపీఎం. శాతంలో 99.76. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ 99.9 అంటే 1,000 పీపీఎం. వెనక్కి వచ్చిన సరుకు అందులో చెప్పినదానికి రెండింతలకు పైనే ఉంది.

"100% ఆన్‌టైమ్" ఇంకా కష్టం. ఆ ఏడాది 412 డిస్పాచ్‌లలో పీఓ మీదున్న తేదీలోపు వెళ్లినవి 371, అంటే 90 శాతం. తర్వాత ఫోన్‌లో మార్చుకున్న తేదీతో లెక్కేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది, కానీ బయ్యర్ తన సిస్టమ్‌లో చూసేది పీఓ తేదీనే. ఈ రెండు అంకెలూ హోమ్‌పేజీకి ఎక్కించలేదు. ఎవరైనా అడిగితే ఏడాది, లెక్క కట్టిన తీరుతో సహా చెబుతాం. అడగకముందే చెప్పాల్సినంత గొప్ప అంకెలు అవి కావు, మార్చి చెప్పే హక్కు మనకు లేదు.

"25+ ఏళ్ల అనుభవం" ఓనర్ గారు ఉద్యోగం చేసిన కాలంతో కలిపిన లెక్క. కంపెనీ మొదలైంది 2011లో. "2011 నుంచి" అని రాశాం, ఏటా మార్చాల్సిన పని కూడా ఉండదు. "500+ క్లయింట్లు" అకౌంట్స్‌లో ఉన్న పార్టీలన్నిటి లెక్క, అది పోయింది. వాటి స్థానంలో వచ్చినవి మూడే: 14 సీఎన్‌సీ టర్నింగ్ సెంటర్లు, 320 మిల్లీమీటర్ల దాకా టర్నింగ్ వ్యాసం, కొలతలు సరిచూసే సొంత సీఎంఎం మెషీన్. ఫ్యాక్టరీకి వచ్చినవాళ్లు కళ్లతో చూడగలిగినవి ఇవి. తన పార్ట్ ఇక్కడ పట్టదని తెలిసిన మనిషి మెయిల్ రాయడు, ఇద్దరికీ టైమ్ మిగులుతుంది.

సమస్య 5: అవార్డుల ఫోటోలు పేజీని తినేస్తున్నాయి

కస్టమర్ ఇచ్చిన సప్లయర్ అవార్డు ఉంటే ఎవరిచ్చారు, ఏ ఏడాది, దేనికి అనేది ఒక్క లైన్‌లో రాయండి. అక్కడ కూడా పేరు వాడటానికి అనుమతి కావాలి. నామినేషన్ ఫీజు కట్టి తెచ్చుకున్న షీల్డు పెట్టకండి. స్టేజీ మీద శాలువా కప్పించుకున్న ఫోటో ఆఫీసు గోడ మీద ఉంటేనే అందం.

సమస్య 6: అంతా సరిచేశాక ఏడాదికి మళ్లీ పాతబడుతోంది

సాధారణంగా 9001 సర్టిఫికెట్‌కు మూడేళ్ల గడువు, మధ్యలో ప్రతి ఏడాదీ సర్వైలెన్స్ ఆడిట్ ఉంటుంది. ఆ ఆడిట్ తప్పిపోతే గడువు ఉన్నా సర్టిఫికెట్ సస్పెండ్ కావచ్చు. అందుకే పేజీలో ఉన్న ప్రతి మాటకూ ఒక షీట్‌లో నాలుగు గడులు పెట్టాం: మాట, దాని ఆధారం ఏ ఫైల్‌లో ఉంది, ఎవరి బాధ్యత, మళ్లీ చూడాల్సిన తేదీ. క్వాలిటీ మేనేజర్ ఆ తేదీలు తన ఫోన్ క్యాలెండర్‌లో 60 రోజుల ముందుకు పెట్టుకున్నారు. ఐదు లోగోల్లో ఒకటి పోయిన నెల తీసేశాం, ఆ కస్టమర్ ఆ పార్ట్ కొనడం ఆపేశారు. ఇప్పుడు నాలుగున్నాయి.