ఆర్డర్ కన్ఫర్మ్ చేశాం, సరుకూ పంపాం, బిల్లు మాత్రం ఆగింది: ఎక్కడ చూడాలి?

సరుకు వెళ్లింది, లారీ దిగింది, కాటా చీటీ చేతిలో ఉంది. మూడు వారాల తర్వాత కొన్నవాళ్ల అకౌంట్స్ నుంచి ఒక ముక్క వస్తుంది: ‘మీ బిల్లు పీవోతో సరిపోవడం లేదు.’ గుంటూరులో మిర్చి అమ్మే ఆఫీసుల్లో ఈ ఫోన్ రాగానే అందరూ లారీవాణ్ణో గోడౌన్‌వాణ్ణో పట్టుకుంటారు. నేనైతే ముందు మనం పంపిన కన్ఫర్మేషన్ మెయిల్ తీయమంటాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు అందులోనే దొరికింది.

అది తీయకముందే ఒక పని చేయండి. పీవోలో ఉన్న మొత్తాన్ని రేటుతో భాగించండి. వచ్చిన అంకె మీరు పంపిన బరువేనా? అర నిమిషం పని ఇది. ఎంత చెప్పినా ఎవరూ చేయరు, ‘పీవో వచ్చింది సార్, ఓకే కొట్టేశా’ అంటారు.

లక్షణం: రేటులో గొడవ లేదు, సంచుల లెక్కలో గొడవ లేదు, మొత్తం మాత్రం కలవడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పరిమాణం ఒక కొలతలో, రేటు ఇంకో కొలతలో రాయడం. మన దగ్గర యార్డులో లెక్కంతా టిక్కీల్లో, రేటేమో క్వింటాకు. బయటి కంపెనీ అడిగేది సంచుల్లో, రేటు కేజీకి. రెండు వైపులా అదే సరుకు గురించి మాట్లాడుతున్నామనే అనుకుంటాం.

నా చేతులు కాలిన కేసు చెబుతా. వేరే రాష్ట్రంలోని ఒక మసాలా కంపెనీ పీవో పంపింది: తేజ మిర్చి, 250 సంచులు, కేజీ 180 రూపాయలు, మొత్తం 18,00,000, జీఎస్టీ అదనం. నేను తిరుగు మెయిల్‌లో ‘250 సంచులు, రేటు 180, కన్ఫర్మ్’ అని రాశాను. రాసింది ఆ ఒక్క లైనే. మా గోడౌన్‌లో ఆ లాటు సంచి సగటున 43.2 కేజీలు తూగింది. అంటే 10,800 కేజీలు. బిల్లు 19,44,000కి, దాని మీద 5 శాతం జీఎస్టీతో కొట్టాం.

వాళ్ల కంప్యూటర్‌లో మాత్రం సంచి అంటే 40 కేజీలని ఎప్పుడో ఎవరో ఎక్కించి పెట్టారు. 250 సంచులంటే దానికి 10,000 కేజీలు. బిల్లు, పీవో, సరుకు అందిన రసీదు, మూడూ కలిస్తేనే అది డబ్బు వదులుతుంది. కలవలేదు కాబట్టి 800 కేజీల తేడాకి మొత్తం బిల్లునే ఆపేసింది. పీవో మీద 18,00,000 అని అచ్చయి ఉంది, 180తో భాగిస్తే 10,000, దాన్ని 250తో భాగిస్తే 40. ఆ నలభై ఎక్కడిదని ఆ రోజే అడిగి ఉంటే సరిపోయేది. పీవో సవరించమని తిరగడానికి మూడు వారాలు పట్టింది. చివరికి ఆ 800 కేజీలకు రేటు 165కి దించి, 12,000కి, దాని జీఎస్టీకి క్రెడిట్ నోట్ ఇచ్చి బయటపడ్డాం. మిర్చి మంచిదే, కాటా సరైనదే, తప్పంతా ఆ మెయిల్ లైన్లో ఉంది.

పరిష్కారం: పరిమాణం, రేటు రెండూ ఒకే కొలతలో రాయాలి. డబ్బు కట్టేది ఏ కొలత మీదో అదే అసలు లెక్క, సంచుల సంఖ్య సుమారు లెక్క. ఆ బరువు గోనెతో కలిపిందా, గోనె తీసేసిందా చెప్పాలి. చివరి లెక్క ఎవరి కాటాది, ఎంత వరకు అటూఇటూ పర్వాలేదు అన్నదీ అక్కడే తేల్చాలి. మిర్చికి దారిలో తేమ ఆరి తరుగు వస్తుంది కాబట్టి ఈ చివరి మాట వదిలేస్తే ఇంకో గొడవ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు నేను పంపేది ఇలా ఉంటుంది. బయటి కంపెనీలకు ఇంగ్లీషులో వెళ్తుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నా:

> విషయం: పీవో నంబర్ 4417 కన్ఫర్మేషన్ (ఒక సవరణతో)
>
> నమస్కారం సార్, మీ పీవో అందింది. ఈ కింది వివరాలతో ఒప్పుకుంటున్నాం.
>
> సరుకు: తేజ మిర్చి, తొడిమతో
> పరిమాణం: 10,000 కేజీలు, గోనె బరువు తీసేసి (సుమారు 232 సంచులు, సంచి సగటున 43 కేజీలు)
> రేటు: కేజీకి 180 రూపాయలు, జీఎస్టీ 5 శాతం అదనం
> మొత్తం: 18,00,000 + జీఎస్టీ 90,000 = 18,90,000
> బరువు: మా లోడింగ్ కాటా ప్రకారం, 1 శాతం వరకు తేడా ఇద్దరికీ సమ్మతం
> డెలివరీ: మార్చి 12న గుంటూరులో లోడింగ్, 16లోపు మీ గోడౌన్‌కు
> చెల్లింపు: బిల్లు తేదీ నుంచి 30 రోజులు, అంటే ఏప్రిల్ 11
>
> సవరణ: మీ పీవోలో 250 సంచులని ఉంది. దాన్ని 10,000 కేజీలుగా మార్చి, సవరించిన పీవో పంపండి. అది అందాకే లోడింగ్ మొదలుపెడతాం.

ఆఖరి రెండు లైన్లకు పైనవాటికన్నా బలం ఎక్కువ. పీవోలో లేని మార్పు పెట్టి ‘కన్ఫర్మ్’ అని రాస్తే అది ఒప్పుకోలు కాదు, కొత్త ప్రతిపాదన. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి. కాబట్టి మార్పును కిందెక్కడో దాచకుండా విషయం లైనులోనే చెప్పి, అవతలివాళ్ల ‘సరే’ తెప్పించుకోండి. ఫోన్లో చెప్పిన ‘సరే’ని వాళ్ల కంప్యూటర్ చదవదు.

లక్షణం: ‘30 రోజులు’ అన్నారు, 42 రోజులైనా రాలేదు

ఎప్పటినుంచి ముప్పై అని రాయలేదు, అంతే. బిల్లు మార్చి 12ది, లారీ 16న దిగింది, వాళ్ల స్టోర్స్ రసీదు ఎక్కించింది 24న. వాళ్లు 24 నుంచి లెక్కపెట్టుకుంటే ఏప్రిల్ 23. అబద్ధమాడినట్టు కాదు, మనం రాయనిది వాళ్లకు అనుకూలంగా నింపుకున్నారు. పైన చూపినట్టు రోజులతోపాటు తేదీ కూడా వేసేయండి.

మీది సొంతంగా కారం పట్టే యూనిటై, సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్‌లో నమోదై ఉంటే ఇంకొక సంగతి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతలో ఒప్పుకున్న గడువు ఏదైనా సరుకు తీసుకున్నాక 45 రోజులు దాటకూడదు, అసలు రాతే లేకపోతే 15 రోజులే. కొన్నవాళ్లు 60 రోజులని పెడితే ఇది గుర్తు చేయొచ్చు. ఉత్త కొనుగోలు అమ్మకం చేసే ట్రేడర్లకు ఈ రక్షణ వర్తించదు.

లక్షణం: ‘డెలివరీ లేటయింది’ అంటారు, మనం మాత్రం చెప్పిన రోజే పంపాం

లోడింగ్ తేదీని డెలివరీ తేదీ అని రాసి ఉంటారు. రెండూ విడివిడిగా రాయండి. అంతకుమించి ఇందులో ఏమీ లేదు.

ఇక పాత పీవోకు కన్ఫర్మేషన్ వెళ్లడం, మెయిల్ స్పామ్‌లో పడటం లాంటివి ఏడాదికి ఒకటో రెండో తగులుతాయి. సవరణ నంబర్ చూసుకోండి, మెయిల్ పంపాక ఒక ఫోన్ కొట్టండి. వాటి వెనక రోజంతా పడకండి, ముందు ఆ భాగహారం చేయండి.