చేతులు కడిగిందే కడుగుతున్న పదేళ్ల పాప: సమస్య - పరిష్కారం

సమస్య

హనుమకొండలో ఐదో తరగతి చదివే పాప ఒకతె ఉందనుకుందాం. బడి నుంచి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుతుంది. మధ్యలో చెయ్యి నల్లాకు తగిలితే మళ్లీ మొదటి నుంచీ కడుగుతుంది. పుస్తకాల సంచి గడప దాటి లోపలికి రాకూడదు. పడుకునే దాకా "అమ్మా, నాకు జబ్బు రాదు కదా?" అని అడుగుతూనే ఉంటుంది. "మా మనవరాలికి శుభ్రత ఎక్కువ" అని నాయనమ్మ మురిసిపోతుంది.

శుభ్రత ఇష్టమైన పిల్ల కడుక్కుని ఆటకు పోతుంది. వద్దన్నా భయం వచ్చి, అది తగ్గడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్యను ఓసీడీ అంటారు. అది ఉన్న పిల్లకు కడుక్కున్నా ఊరట నిలవదు, ఆపమంటే ఏడుస్తుంది. రోజుకు గంటకు పైగా ఇందులోనే గడుస్తున్నా, చర్మం పగులుతున్నా మానసిక వైద్యులకు చూపించాలి. జ్వరమో గొంతునొప్పో వచ్చిన వెంటనే ఇదంతా హఠాత్తుగా మొదలైతే ఆ సంగతి తప్పక చెప్పాలి.

కారణం

పెంపకం లోపం కాదు. భయం పుడుతుంది, కడిగితే కాసేపు తగ్గుతుంది, కడగడం వల్లే బతికానని మెదడు నమ్ముతుంది. అమ్మ చెప్పే "ఏమీ కాదమ్మా" కూడా అలాంటి కడుగుడే. అందుకే ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

పరిష్కారం

భయపడే పనిని కావాలని చేసి, ఆ తర్వాత కడగకుండా ఉండటమే చికిత్స. దీన్ని ఈఆర్‌పీ అంటారు. వైద్యుల సలహాతో ఇంట్లో సాధన చేయించవచ్చు.

పాపతోనే భయాలకు సున్నా నుంచి పది దాకా అంకెలు వేయించండి. సంచిని వేలితో తాకడం 3, ఒళ్లో పెట్టుకోవడం 5, తాకిన చేత్తో సకినం తినడం 8 అనుకుందాం. మూడుతో మొదలుపెట్టండి. తాకాక కడగకుండా కూర్చోవాలి. ఐదు నిమిషాలకోసారి అంకె అడిగి రాసుకోండి. కబుర్లతో మరిపించవద్దు, ధైర్యమూ చెప్పవద్దు. అంకె తగ్గకపోయినా ఫరవాలేదు, భయంతోనే ఉండగలనని తెలియడమే ముఖ్యం. రోజూ అదే మెట్టు చేసి, అది తేలికయ్యాక పైమెట్టు ఎక్కాలి. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, అన్నానికి ముందు ఇంట్లో అందరిలాగే ఒక్కసారి కడుక్కోవచ్చు.

జబ్బు ప్రశ్నకు ఏమని జవాబిస్తారో ముందే పాపకు చెప్పి ఉంచండి: "ఇది ఓసీడీ అడిగే ప్రశ్న, దీనికి జవాబు చెప్పను. నీ భయం నాకు తెలుసు, నీ పక్కనే ఉంటాను." మొదట్లో ఏడుపు, కోపం పెరుగుతాయి. అప్పుడు నాయనమ్మ జాలిపడి జవాబిస్తే మొండితనం రెట్టింపవుతుంది, కాబట్టి ఆమెనూ ముందే కూర్చోబెట్టి మాట్లాడాలి.

గాడి తప్పితే

అంకె ఆరు నుంచి ఒక్కసారిగా సున్నాకు పడితే అనుమానించండి. గౌనుకు చెయ్యి తుడుచుకుందేమో, మనసులో లెక్కపెట్టిందో మొక్కుకుందో నెమ్మదిగా అడగండి. అలా చేసి ఉంటే సంచిని మళ్లీ తాకించాలి. మొదలుపెట్టడానికే ఒప్పుకోకపోతే మెట్టు పెద్దదైందని అర్థం. వేలితో తాకడానికి బదులు సంచి పక్కన కూర్చోమనండి. చెయ్యి పట్టుకుని బలవంతంగా మాత్రం తాకించకూడదు.

వారాలు గడిచినా మార్పు లేకపోయినా, తిండి మానేసినా వైద్యులను మళ్లీ కలవాలి. అవసరమైతే వారు మందులూ కలుపుతారు. చచ్చిపోతానంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.